తోరం ఏ చేతికి?

చిన్న కథే, పోపు వేగేలోపు అయిపోతుంది. అనగనగా ఒక ఊరు, ఆ ఊరికి ఒక సెల్ టవరు. టవరు వచ్చాక ఊరంతా పండితులయ్యారు. పాల వీర్రాజు వాస్తు చెబుతున్నాడు. ఆయన ఇంటి తలుపు మాత్రం ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది. సరే, కథ ఆయనది కాదు, ఇందుమతిది.

ఇందుమతికి నోముల ఛానల్ ఉంది. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు, సెల్ఫీ కెమెరా పెట్టుకుని తోరం కట్టి చూపించింది. ఆ కెమెరా అద్దంలా కుడిని ఎడమ చేసింది. తరవాత ఆ బొమ్మ చూస్తూ మాటలు జోడించింది: "తోరం ఎడమ చేతికి కట్టుకోవాలి." ఇరవై ఏళ్లుగా కుడి చేతికే కట్టుకుంటోంది. అయినా ఫోనునే నమ్మింది.

శుక్రవారం మధ్యాహ్నం పొరుగూరి కొత్తకోడలు సౌదామిని ఫోను చేసింది.

"అక్కయ్యగారూ, మీరు చెప్పినట్టే కట్టుకున్నాను. వ్రతం చెడిందంటున్నారు మా అత్తగారు. పుట్టింటికెళ్లి నేర్చుకుని రమ్మంటున్నారు. పెట్టె కూడా దింపారు."

ఇందుమతి గబగబా వీడియో కింద రాసింది: "సాంకేతిక లోపానికి చింతిస్తున్నాం."

సౌదామిని అత్తగారు తాయారమ్మ దాని కిందే జవాబు పెట్టింది: "తోరం ఫోను కట్టుకుందా?"

ఇందుమతి మళ్లీ రాసింది: "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి."

"మనసు సంగతి తరవాత. ఏ చెయ్యి?" అంది తాయారమ్మ.

ఇందుమతి పురోహితులు శేషాచలంగారిని అడిగి వచ్చి, మూడోసారి రాసింది:

"బుధవారం వీడియోలో, ఆరో నిమిషంలో, తోరం ఎడమ చేతికని చెప్పాను. అది తప్పు. తిరగబడిన బొమ్మ చూసి చెప్పాను, తప్పు నాదే. పసుపు రాసిన తొమ్మిది పోగుల దారానికి తొమ్మిది ముడులు వేసి, అమ్మవారి ముందుంచాలి. ఒక్కో ముడికి ఒక్కో నామంతో అక్షతలు వేసి పూజించాలి. ఆ తరవాతే కుడి చేతికి కట్టుకోవాలి. ఎడమ చేతికి కట్టుకున్నవారు కుడికి మార్చుకుని దణ్ణం పెట్టుకుంటే చాలునని మా పురోహితులు చెప్పారు. వ్రతం చెడదు. పూజ చివర క్షమాపణ చెప్పుకునేది ఇలాంటి లోపాలకే. నా మాట విని ఎవరైనా ఇంట్లో మాటపడితే, ఆ మాటలు నన్నే అనండి."

వీడియోలో ఆ ముక్క కత్తిరించింది. ఈ దిద్దుబాటును కామెంట్లన్నిటికన్నా పైన, కదలకుండా పెట్టింది.

తాయారమ్మ రెండుసార్లు చదివింది. కోడల్ని పిలిచి, తోరం విప్పి, తన చేత్తోనే కుడి చేతికి కట్టింది. "పెట్టె అటక మీద పెట్టెయ్. పులిహోర చల్లారిపోతోంది," అంది. సౌదామిని సంబరంగా పెట్టెను అటక మీదికి విసిరినంత పని చేసింది.

సాయంత్రం తాయారమ్మే ఇందుమతికి ఫోను చేసింది. "అమ్మాయ్, ఇకమీదట ఏ వీడియో అయినా ముందు నాకు చూపించు."

ఇందుమతి సరేనంది. ఆ తరవాత మూడు నెలల్లో ఆ ఛానల్లో ఒక్క వీడియో వచ్చింది. అందులో తప్పు లేదు.

నీతి: తప్పు ఎక్కడ చెప్పామో అక్కడే, అదే గొంతుతో, ఏది తప్పో పేరు పెట్టి దిద్దుకోవాలి.