గుమ్మంలో వేలాడిన ప్రాణం

వినండి పిల్లలూ. చుక్కలు ఇప్పటికంటే కాస్త కిందికి వేలాడే రోజుల్లో, కెంపుకోటలో ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు మహీధరుడు. ఆయనకు ఒక్కతే కూతురు, సౌగంధి. అమ్మా నాన్నా పోయిన ముగ్గురు మేనల్లుళ్ళు కూడా ఆ కోటలోనే పెరిగారు. పెద్దవాడు విజయపాలుడు, నడిమివాడు భీమపాలుడు, చిన్నవాడు మేఘపాలుడు. మేఘపాలుడి చూపెప్పుడూ ఆకాశం మీదే. మబ్బుల్ని చూస్తూ నడిచి స్తంభాలకు గుద్దుకునేవాడు. సౌగంధి పకపకా నవ్వి, నుదుటి బొప్పికి వెన్న రాసేది. ఆ చల్లదనం వాడి మనసులో అలాగే ఉండిపోయింది.

కెంపుకోటలో ఒక ఆచారం ఉండేది. సాహసం చేసి వచ్చినవాడికి రాజు సభలో తాంబూలం ఇస్తాడు. వాడు అది నములుతూ తన కథ చెబుతాడు. తాంబూలం పుచ్చుకున్నవాణ్ణి ఎవ్వరూ ఎదురు ప్రశ్న అడగకూడదు. అందుకని ఆ ఊళ్ళో పిల్లిని చూసి పారిపోయినవాడు కూడా పులిని చంపానని చెప్పేవాడు. సభంతా శభాష్ అనేది.

ఒకరోజు సౌగంధి మాయమైపోయింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ సభకు వచ్చాడు.

"ఏడు సముద్రాల అవతల కరాళుడనే రాక్షసుడున్నాడు. నా బిడ్డను వాడే ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం చిలకలో ఉందట. ఆ చిలక తల తెచ్చినవాడికే నా కూతురు."

విజయపాలుడు వెళ్ళాడు, తిరిగొచ్చాడు. తాంబూలం నములుతూ, "వాడి నోట్లోంచి మంటలొచ్చాయి, నా కత్తి కరిగిపోయింది" అన్నాడు. భీమపాలుడు వెళ్ళాడు, తిరిగొచ్చాడు. "వాడికి నూరు చేతులు. తొంభై నరికాను, అవి మళ్ళీ మొలిచాయి" అన్నాడు. ఇక మేఘపాలుడు లేచాడు.

"ఒరే, నీకు స్తంభమే కనపడదు, రాక్షసుడు కనపడతాడా?" అని అన్నలు నవ్వారు.

"సౌగంధి కనపడితే చాలన్నయ్యా" అని బయలుదేరాడు.

మొదటి సముద్రం ఒడ్డున ఒక తాబేలు వాణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. "కరాళుడా! పొద్దున్నే నలభైమందిని నంజుకుంటాడు. నా కళ్ళారా చూశాను" అంది. మూడు సముద్రాలు దాటాక ఒక తిమింగలం ఎక్కించుకుంది. "నలభై కాదు, నాలుగొందలు. నా కళ్ళారా చూశాను" అంది. మరో రెండు దాటాక ఒక గద్ద ఎక్కించుకుంది. "మనుషులేం ఖర్మ, కొండల్నే నంజుకుంటాడు. నా కళ్ళారా చూశాను" అంది. కానీ ద్వీపం కనపడగానే, వాణ్ణి ఇసుకలో దించేసి వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

అబ్బ, ఆ ద్వీపం! ఇసుక వెండిపొడిలా మెరుస్తోంది. గవ్వలు గాలికి పాడుతున్నాయి. చెట్ల మధ్య తలుపుల్లేని ఇల్లు. ఆ ఇంటి ముందు తాటిచెట్టంత ఎత్తున, వానమబ్బంత నల్లగా, ఏనుగుకున్నట్టు రెండు కోరలతో ఒకడు నిలబడ్డాడు. మేఘపాలుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరు బాబూ నువ్వు?" ఆ గొంతుకు ఆకులు రాలాయి.

"గాజులమ్ముకునేవాణ్ణి."

"మరి గాజులేవీ?"

"సముద్రంలో పడిపోయాయి."

"అయ్యో! ఎంత నష్టం, ఎంత నష్టం!" కరాళుడి కళ్ళు చెమర్చాయి. "ముందు అన్నం తిను."

తన అబద్ధానికి ఎదుటివాడు కంటతడి పెట్టడం మేఘపాలుడు ఎన్నడూ చూడలేదు. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. అయినా తెలివిగా అడుగుతున్నాననుకుని అడిగాడు. "అయ్యా, మీ ప్రాణం ఎక్కడో దాచారటగా?"

"దాచలేదు. అదిగో, గుమ్మంలో ఆ చిలక. అదే."

మేఘపాలుడు లోపల నవ్వుకున్నాడు. తన చావు రహస్యాన్ని ఎవడైనా చెబుతాడా? పోయి ద్వీపం కొసనున్న గుహంతా వెతికాడు. గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. మళ్ళీ అడిగాడు. "గుమ్మంలో చిలక" అన్నాడు కరాళుడు. పోయి కొలను అడుగంతా వెతికాడు. నాచు తప్ప ఏమీ లేదు. మూడోసారి అడిగాడు. "ఎన్నిసార్లడిగినా అదే బాబూ. గుమ్మంలో చిలక."

పెరట్లో సౌగంధి కనపడింది. "బావా!" అని పరుగెత్తుకొచ్చింది. "వీడు నన్ను ఆకాశంలో ఎత్తుకొచ్చాడు, గొలుసులతో కట్టాడు. చిలక సంగతి నాకూ చెప్పాడు, నేనూ నమ్మలేదు. కానీ నీకు మూడుసార్లూ అదే చెప్పడం విన్నాను, నిజమేనేమో. చంపెయ్ బావా, ఇంటికి పోదాం."

మేఘపాలుడు ఆమె కాళ్ళకేసి చూశాడు. గొలుసుల మచ్చ ఒక్కటీ లేదు. ఇంటికి తలుపే లేదు. అయినా వెళ్ళి గుమ్మంలో వేలాడే పంజరంలోంచి చిలకను తీసి గుప్పిట పట్టాడు. అంత పెద్ద కరాళుడు కూలబడిపోయాడు. చిలక గుండె మేఘపాలుడి వేళ్ళ కింద టిక్ టిక్ మని కొట్టుకుంటోంది. అదే లయలో కొండంత ఛాతీ లేచి పడుతోంది.

"నువ్వు గాజులవాడివి కాదన్నమాట."

"కాదు. చెప్పు, ఈ పిల్లను ఎందుకు ఎత్తుకొచ్చావు?"

"నేను ఎత్తుకురాలేదు. వాళ్ళ నాన్నే పడవలో తెచ్చి దింపాడు. అల్లుడు తన కళ్ళముందే సింహాసనమెక్కుతాడని జోస్యుడెవరో చెప్పాడట. పెళ్ళే కాకూడదని, ఏడు సముద్రాలు దాటి ఎవరూ రాలేరని ఇక్కడ వదిలాడు. చిలక సంగతి ఆయనకూ చెప్పాను, అడిగాడు కనక. వెళ్ళాలనుకుంటే వెళ్ళమ్మా అని ఈ పిల్లకు రోజూ చెబుతున్నాను."

"మరి మా అన్నలు?"

"నీకంటే ముందు ఈ పిల్ల కోసం ఇక్కడికెవ్వరూ రాలేదు."

సౌగంధి మొహం చేతుల్లో దాచుకుంది. "నాన్న వద్దనుకున్న పిల్లని అనిపించుకునేకంటే, రాక్షసుడు ఎత్తుకుపోయిన పిల్లనంటే నయం కదా బావా. ఆ నిజం తెలిసిన పైవాడు వీడొక్కడే. వీడు పోతే మనందరి పరువూ నిలుస్తుంది."

నిజమే. ఒక్క నలుపు నలిపితే సౌగంధి తనది. అన్నల పరువు, మామ పరువు, తన కీర్తి అన్నీ భద్రం. చిలక మెడ బొటనవేలంత కూడా లేదు.

"కరాళా, నిన్ను వదిలేస్తాను. ఎవరడిగినా ఈ మాట చెప్పనని అను. ఒక్కసారి అను, చాలు."

కరాళుడు ఊపిరందక రొప్పాడు. సముద్రం కూడా వింటున్నట్టు ఆగిపోయింది.

"అడిగితే చెబుతాను బాబూ. మీ ప్రాణాలు లోపల దాగి ఉంటాయి, వాటి పక్కన అబద్ధాలకూ చోటుంటుంది. నాది బయట వేలాడుతోంది. ఎక్కడ దాచుకోను?"

మేఘపాలుడికి ఒళ్ళు జలదరించింది. చావు మెడ మీద ఉండగా, బతకడానికి ఒక్క అబద్ధం చాలిన చోట, ఇతను నిజం చెప్పాడు! మబ్బుల్లో ఇన్నాళ్ళూ తను వెతికిన అందం ఇదేనేమో అనిపించింది. గుప్పిట దానంతటదే విచ్చుకుంది. చిలక ఎగిరి కరాళుడి భుజం మీద వాలింది.

సౌగంధి మొహం మీంచి చేతులు తీసింది. "నిజమే చెబుదాం బావా. నాకు భయంగా ఉంది, నా చెయ్యి పట్టుకో" అంది.

కరాళుడు ఇద్దర్నీ చెరో భుజం మీద కూర్చోబెట్టుకుని ఏడు సముద్రాల్లో నడిచాడు. అలలు అతని మోకాళ్ళ దగ్గర పూలదండల్లా విడిపోయాయి. చేపలు వెన్నెల ముక్కల్లా ఎగిరిపడ్డాయి.

సభలో రాజు తాంబూలం అందించాడు. మేఘపాలుడు దాన్ని తిరిగి పళ్ళెంలో పెట్టాడు. "మామయ్యా, ఇది వేసుకుంటే నన్నెవరూ అడగరు. అడగండి."

"చిలకను చంపావా?" అన్నాడు ముసలి మంత్రి.

"లేదు. నేను భయపడ్డాను, గాజులవాణ్ణని అబద్ధమాడాను. అతను ఒక్కటీ ఆడలేదు."

మంత్రి తల పైకెత్తి, సభ బయట నిలబడ్డ కరాళుణ్ణి ఏం జరిగిందని అడిగాడు. కరాళుడు అంతా చెప్పాడు, ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. రాజు నిలువునా కుంగిపోయాడు. ఆ కన్నతండ్రికి కూతురి మొహం చూసే ధైర్యం లేకపోయింది. కిరీటం తీసి మేఘపాలుడి చేతుల్లో పెట్టాడు. "మేం మొదటి సముద్రం ఒడ్డు నుంచే తిరిగొచ్చేశాం" అని అన్నలిద్దరూ గొణిగారు.

మేఘపాలుడికీ సౌగంధికీ అంగరంగ వైభవంగా పెళ్ళయింది. కరాళుడు పందిరి బయట కూర్చుంటే పిల్లలు అతని కోరలకు ఉయ్యాలలు కట్టారు. ముసలి రాజు బెరుగ్గా దగ్గరికొచ్చి, "విందు ఎలా ఉంది?" అని అడిగాడు.

"పులిహోరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు కరాళుడు.

అందరూ బిక్కచచ్చిపోయారు. వంటవాడు పరుగున వచ్చి ఒక మెతుకు నోట్లో వేసుకున్నాడు. తల పట్టుకున్నాడు. "అమ్మో, నిజమే!" అన్నాడు. పందిరంతా గొల్లున నవ్వింది. ముసలి రాజు కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. అప్పుడు సౌగంధి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

మేఘపాలుడూ సౌగంధీ జుట్టు నెరిసేదాకా కెంపుకోటను చల్లగా ఏలారు. ఇక కళ్ళు మూసుకోండి పిల్లలూ, వాళ్ళూ నిద్రపోయారు.