కొమ్మనాయకుడు పోయిన ఏడు

ఒకానొక రాజ్యంలో "తెలియదు" అనే మాట నిషేధం. నవ్వకండి, నిజంగానే నిషేధం. పాలవాగు రాజ్యాన్ని ఏలే చండభూపాలుడికి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. రాజు అడిగినదానికి సేవకుడు తెలియదంటే అది రాజుకే తలవంపులని ఆయన అభిప్రాయం. అందుకని ఆ కొలువులో వాన ఎప్పుడొస్తుందని అడిగినా, ఏనుగు ఏం ఆలోచిస్తోందని అడిగినా ఎవరో ఒకరు లేచి ఠక్కున ఏదో ఒకటి చెప్పేసేవారు. అబద్ధం చెప్పినవాడికి పట్టుపంచె దక్కేది. నిజం చెప్పినవాడు మర్నాటినుంచి కొలువులో కనపడేవాడు కాదు.

ఆ కొలువులో ఇద్దరు పండితులుండేవారు. ఒకరు ఆస్థాన సిద్ధాంతి యజ్ఞపతి. పరాయి దేశంనుంచి వచ్చి మూడేళ్ళైనా కాలేదు గాని, ఈ నేలమీద ఏ చెట్టు ఎప్పుడు మొలిచిందో కూడా చెప్పగలిగేవారు. రెండోవాడు అబ్బన్న. శాసనాలు రాసే కవి, నోటి దురుసు మనిషి. పాత రాజుగారి కాలంనుంచి ఉన్నవాడు కాబట్టి ఇంకా గెంటెయ్యలేదు.

ఆ పాత రాజుగారే కొమ్మనాయకుడు, చండభూపాలుడి తండ్రి. మందలు తోలుకుని వచ్చిన జనానికి నాయకుడై, వాగుకు కట్ట కట్టి, రాజ్యం నిలబెట్టిన మనిషి. పన్నెండేళ్ళ కిందట, స్నేహితుడైన ఒక రాజుకు సాయంగా నర్మద దాకా యుద్ధానికి వెళ్ళాడు. ఆ యుద్ధంలో సైన్యం చెదిరిపోయింది. పడిపోయాడని కొందరు, నది దాటుతుంటే చూశామని కొందరు అన్నారు. శవాన్ని చూశామన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆయన భార్య మాచాంబ ఇంకా కుంకుమ బొట్టుతోనే ఉంది. పొద్దున్నే తలంటుకుని, గాజులు సర్దుకుని, ఉత్తరపు కిటికీ దగ్గర కూచునేది. ఆ ఏడు పేరు విభవ. కొమ్మనాయకుడు పుట్టింది కూడా విభవలోనేనని అత్తగారు చెబుతుండేవారట. అరవై ఏళ్ళకు అదే పేరు తిరిగొచ్చింది. అంటే ఆయన ఉంటే షష్టిపూర్తి. ఆవిడ ఎవరికీ చెప్పకుండా కంసాలిని పిలిపించి కొత్త మంగళసూత్రాలు చేయించి పెట్టుకుంది. రెండోసారి కట్టించుకోవాలని అంత ఆశ. ఈ సంగతి అంతఃపురంలో అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉండేవారు.

సరిగ్గా అప్పుడే రాజుగారికి తండ్రి పేర శిలాస్తంభం నిలపాలని బుద్ధి పుట్టింది. నిండు కొలువులో అడిగాడు.

"సిద్ధాంతిగారూ, మా తండ్రిగారి జనన మరణ సంవత్సరాలు?"

సిద్ధాంతిగారు కన్నయినా ఆర్పలేదు. "జననం శాలివాహన శకం వెయ్యిన్ని నూటముప్పై, విభవ. మరణం వెయ్యిన్ని నూటడెబ్బైఎనిమిది, నల. పన్నెండేళ్ళు నిండాయి ప్రభూ. వార్త లేనివారికి పన్నెండేళ్ళ తర్వాత దర్భబొమ్మ చేసి దహనం చెయ్యమంది శాస్త్రం. స్తంభం నిలిపే ముందు ఆ పని కూడా ముగించాలి. రాణిమాతకు జరగవలసినవి జరిపించాలి."

జరగవలసినవి అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. బొట్టు తుడవడం, గాజులు పగలగొట్టడం. తెర వెనుక కూచుని వింటున్న మాచాంబ చేతి గాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి. రాజు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అమ్మంటే ప్రేమ లేక కాదు. ఆ ఎదురుచూపును రోజూ చూడలేక, ఏదో ఒక అంకెతో దాన్ని మూసెయ్యాలనుకున్నాడు.

"అబ్బన్నా, చెక్కవలసింది నువ్వే కదా. ఒక్క ఊపిరిలో చెప్పు, సిద్ధాంతిగారన్నది సరేనా?"

అబ్బన్న లేచాడు. "పుట్టుక నూటముప్పై, ఒక ఏడు అటూ ఇటూ. మరణం తెలియదు ప్రభూ."

కొలువు కొయ్యబారిపోయింది. ఆ మాట అక్కడ వినబడి ఎన్నేళ్ళయిందో.

"నీ తల మెడమీద బరువైందా?" అని గర్జించాడు రాజు.

"తేలిగ్గానే ఉంది ప్రభూ, అందుకే దాచుకోవాలని నిజం చెప్పాను. కట్ట మీది శాసనం వెయ్యిన్ని నూటయాభైరెండు నాటిది. అందులో 'నాయకుడు తన ఇరవైరెండవ ఏట కట్టించెను' అని ఉంది. ఇరవైరెండో ఏడు నడుస్తోందనుకుంటే ఇరవైఒకటి తీసెయ్యాలి, నిండిందనుకుంటే ఇరవైరెండు తీసెయ్యాలి. శకం అంకె కూడా కొందరు గడిచిన ఏడు రాస్తారు, కొందరు నడిచే ఏడు రాస్తారు. రాసిన మా నాన్న ఏ లెక్క పట్టాడో నాకు చెప్పి పోలేదు. మీ నాయనమ్మగారు విభవ అన్నారు, వరద వచ్చిన ఏడు అన్నారు. అంకెలూ ఆ దగ్గరే పడుతున్నాయి గనక నూటముప్పై అన్నాను. గుడారంలో పుట్టిన బిడ్డకు జాతకం ఎవరు రాశారు? అందుకే అటూ ఇటూ అన్నాను."

"మరి మరణం? సిద్ధాంతిగారు ఏడు చెప్పాక కూడా తెలియదంటావేం?"

అబ్బన్న చేతులు కట్టుకున్నాడు. "అయ్యో, నాదే తప్పేమో. సిద్ధాంతిగారు అంత ధీమాగా చెప్పాక నేనెంతటివాణ్ణి? నలలోనే పోయారని చెక్కేస్తాను. తిథి కూడా చెబితే రాతిమీద నిండుగా ఉంటుంది."

సిద్ధాంతిగారు ఇరుకున పడ్డారు. తెలియదంటే కొలువు పోతుంది. "అదెంత? ప్రభువులవారి పట్టాభిషేకం నలలో వైశాఖ శుద్ధ దశమి. ఒక రాజు పోయాకే మరొక రాజుకు పట్టం. కొడుకు ఏలుబడి మొదటి ఏడే తండ్రి మరణించిన ఏడు. అన్ని దేశాల్లోనూ లెక్క ఇదే. కాబట్టి పెద్దవారు నవమినాడు స్వర్గస్థులయ్యారు."

"నవమినాడు పోయారు, దశమినాడు తమరికి పట్టం. అంతేనా సిద్ధాంతిగారూ?"

"అంతే. సందేహం లేదు."

"చాలా సంతోషం. రాసుకున్నాను." అబ్బన్న రాజువైపు తిరిగాడు. "ప్రభూ, చెక్కేముందు ఒక్క చిన్న సంగతి. దశమినాడు కిరీటం తమ తలకు పెద్దదై చెవులమీదకు జారింది. అప్పుడు ఎవరో తన ఉత్తరీయం మడిచి లోపల కుక్కి, మళ్ళీ సరిగ్గా పెట్టి, 'నేనొచ్చేలోగా నీ తల పెరుగుతుందిలే' అని నవ్వారు. ముందురోజు పోయిన మనిషికి ఆ చెయ్యెలా వచ్చిందో సిద్ధాంతిగారిని అడిగి చెబుతారా?"

రాజు నోటిలోని తాంబూలం నోటిలోనే ఉండిపోయింది.

ఆ చెయ్యి ఆయనకు గుర్తుంది. పలుపుతాళ్ళు లాగి కాయలు కాసిన అరచెయ్యి, చెవి పక్కన గరుకుగా తగిలింది. యుద్ధానికి బయల్దేరేముందు రాజ్యం కొడుకు చేతిలో పెట్టి, అదే ఏడు కార్తికంలో గుర్రమెక్కిన మనిషి. ఇన్నేళ్ళూ బిరుదులు వేసుకుంటూ, జేగంటలు మోగించుకుంటూ, ఆ చేతిని తలుచుకోవడానికే భయపడ్డాడు. ఎంత బెంగగా ఉందో ఇప్పుడు తెలిసింది.

"సిద్ధాంతిగారి లెక్క తప్పు కాదు ప్రభూ," అన్నాడు అబ్బన్న, ఈసారి ఎగతాళి లేకుండా. "మామూలుగా ఆ లెక్కే సరిపోతుంది. బతికుండగానే పట్టం కట్టి వెళ్ళిన తండ్రి దగ్గర అది పనికిరాదు. పట్టాభిషేకం తమ ఏలుబడికి మొదలే గాని, ఆయన ఊపిరికి చివర కాదు."

"అయితే ఆయన ఉన్నారా?" రాజు గొంతు తగ్గిపోయింది. అది రాజు అడిగిన ప్రశ్న కాదు, కొడుకు అడిగింది.

"నన్ను ఆశ పెట్టమనకండి. నాకు తెలిసింది ఒక్కటే. మొన్న గుర్రాల వర్తకులు నర్మద ఒడ్డున ఒక గుడిలో ఉన్న శాసనాన్ని చూసి రాసుకొచ్చారు. 'పాలవాగు కొమ్మనాయకుడు అఖండదీపానికి ఆవులనిచ్చెను' అని ఉంది. శకం వెయ్యిన్ని నూటఎనభై, కాళయుక్తి. అంకె, ఏటి పేరు ఒకదానికొకటి సరిపోతున్నాయి, కాబట్టి ఏదో కల్పన అనుకోను. ఇక్కణ్ణుంచి వెళ్ళాక రెండేళ్ళకు ఆయన బతికి ఉండవచ్చు. ఉండకపోనూవచ్చు, ఆయన పుణ్యంకోసం ఎవరైనా ఆయన పేర దీపం పెట్టించి ఉండవచ్చు. అలా పెట్టించినవాళ్ళు సాధారణంగా తమ పేరు కూడా చెక్కించుకుంటారు, ఇందులో అది లేదు. అంతకుమించి ఒక్క అక్షరం కూడా నా దగ్గర లేదు."

"పన్నెండేళ్ళ మాటో?" సిద్ధాంతిగారు నీరసంగా అన్నారు.

"చివరి వార్తనుంచి కదండీ లెక్క? మీరే చెప్పండి, చివరి వార్త ఎప్పటిది?"

సిద్ధాంతిగారు వేళ్ళమీద కాళయుక్తినుంచి విభవదాకా లెక్కపెట్టారు. పదేళ్ళే అయ్యాయి. ఆయన రాజువైపు, తెరవైపు చూశారు. పాపం, ఆయన చెడ్డవాడు కాదు. "ఆయన ఉన్నారో లేదో, ప్రభూ, నాకు... తెలియదు," అన్నారు. అన్నాక ఆయన మొహంలో ఈ కొలువుకు వచ్చాక ఎన్నడూ లేని తేట కనిపించింది.

అప్పుడు రాజు నవ్వాడు. కొలువు నవ్వు కాదది, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బన్నా, తెలియదంటే తల పోతుందని తెలిసీ అన్నావు. తెలుసన్నవాడి చేతా అనిపించావు. ఈ పూటనుంచి ఆ మాటమీద నిషేధం లేదు." మెడలోని ముత్యాలహారం తీసి అబ్బన్న మెడలో వేశాడు. నర్మదకు రౌతులను పంపమని దళపతికి ఆజ్ఞ ఇచ్చాడు. దర్భబొమ్మ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

స్తంభం చెక్కడం పూర్తయిన రోజున రాజు తల్లిని పల్లకీలో తీసుకొచ్చి చూపించాడు. ఆవిడకు చదువు రాదు. అక్షరాలమీద వేళ్ళు ఉంచి అడిగింది.

"ఏం రాయించావు నాయనా?"

"పుట్టింది విభవలో, లేకపోతే దానికి ముందో వెనకో అని రాయించానమ్మా."

"ఆ కింద నున్నగా ఉందేం?"

"అది... ఇంకో ఏడు పేరు పట్టేంత చోటు. తెలియదు గనక వదిలేశాను."

మాచాంబ ఆ నున్నటి రాతిని చాలాసేపు తడుముతూ నిలబడింది. కొంగుకు ముడి వేసుకున్న కొత్త మంగళసూత్రాలను రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"అక్కడ కాదు నాయనా, ఇంకా కిందికి వదలాల్సింది," అంది. "ఆయన వచ్చి చెయ్యబోయే పనులు కూడా రాయొద్దూ?"