రెండు పాయల నడుమ పెంటయ్య

దగ్గరికి జరగండి, చెబుతాను. ఇది రాజుల కథ కాదు, గొర్రెలు కాచుకునే ఒకడి కథ. ఎప్పటిదంటే ఏళ్ల లెక్క తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

గడ్డికొండల కింద పాలవంక అనే వాగు. దాని దక్షిణపు గట్టున పెంటయ్య ఉండేవాడు. ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని తల్లి అతన్ని పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టింది.

వానాకాలంలో ఆ వాగు రెండు పాయలుగా చీలేది. పెద్ద పాయ ఉత్తరాన, చిన్న పాయ దక్షిణాన, నడుమ పచ్చిక. ఎండలు ముదిరితే పెద్ద పాయ పూర్తిగా ఇంకిపోయేది, చిన్న పాయ మందలకు చాలనంత సన్నగా పారేది. అప్పుడు రెండు గట్టులవాళ్లూ నడుమ పచ్చికలోకి మందలు తోలుకొచ్చి, చెలమలు తవ్వుకుని నీళ్లు తాగేవాళ్లు. పిల్లనిచ్చేవాళ్లు, పిల్లను తెచ్చుకునేవాళ్లు. పెంటయ్య చెల్లెలు కొండమ్మను ఉత్తరపు గట్టుకే ఇచ్చారు.

ఆ కాలంలో సముద్రం దాటి వచ్చిన రెండు జాతుల దొరలు ఆ సీమను ఏలేవాళ్లు. ఎక్కడో తమ పట్నంలో బల్ల ముందు కూర్చుని ఇటు నాది, అటు నీది అని పంచుకున్నారు. వాళ్లలో ఎవరూ పాలవంక చూడలేదు. ‘వాగు పెద్ద పాయే హద్దు’ అని ఒప్పందం రాసుకున్నారు. తర్వాత పటం గీయడానికి ఒక దొరను పంపారు. అతను వచ్చింది నడివేసవిలో. కొలత గొలుసు మోయడానికి పెంటయ్యను పట్టుకెళ్లారు.

పారుతున్న చిన్న పాయ దగ్గర దొర ఆగాడు. “వాగు ఇదేనా?” అని అడిగాడు.

పెంటయ్యకు పెద్ద పాయ సంగతి తెలుసు. నడుమ పచ్చిక అందరిదనీ తెలుసు. కానీ ఎండ మండుతోంది. దొర మాటకు ఎదురు చెప్పాలంటే భయం.

“ఇదే దొరా” అన్నాడు.

దొర పటం మీద గీత గీసుకుని వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లు ఆ గీత ఎవరికీ అడ్డం రాలేదు. మందలు ఎప్పటిలాగే తిరిగాయి. కానీ ఉత్తరాన బడిలో ఒక భాష, దక్షిణాన ఇంకో భాష. శిస్తులు వేరు, సిపాయిలు వేరు. మేనత్త పిల్లలకూ మేనమామ పిల్లలకూ మెల్లగా మాట కలవకుండా పోయింది.

తర్వాత దొరలు వెళ్లిపోయారు. రెండు జెండాలు లేచాయి, రెండు దేశాలయ్యాయి. ఒక గీత కదిలిస్తే దేశంలో అన్ని గీతలూ కదులుతాయని కొత్త ఏలికలకు భయం. “దొరల హద్దే మన హద్దు” అన్నారు ఇద్దరూ. ఆ హద్దు ఏదంటే ఉత్తరంవాళ్లు పటం చూపించారు, దక్షిణంవాళ్లు ఒప్పందం చదివారు. పటం ప్రకారం పచ్చిక ఉత్తరానిది. ఒప్పందం ప్రకారం దక్షిణానిది. రెండూ దొరలు ఇచ్చినవే.

చెలమల దగ్గరికి పోవాలంటే పర్మిట్ కావాలన్నారు. అదే ఏడు కరువొచ్చింది. “అవతలివాళ్లు దొంగలు” అని రెండు సర్కార్లూ తమ కాపరులకు తుపాకులిచ్చాయి. ఒక పొద్దున చెలమ దగ్గర తొమ్మిదిమంది చచ్చారు. అందులో కొండమ్మ కొడుకు సిద్ధులు ఉన్నాడు. కాల్చింది పెంటయ్య ఊరివాళ్లే.

పెంటయ్య వంక దాటి చెల్లెలి గుమ్మం ముందు నిలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు.

“వాగు ఇదేనా అని అడిగితే ఇదే అన్నాను, అమ్మా.”

“గీత గీసింది నువ్వా?”

“కాదు.”

“తుపాకి పేల్చింది నువ్వా?”

“కాదు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను.”

కొండమ్మ గుమ్మం దిగి అతని ముందుకు వచ్చింది. “ఆ మాట నాకు చెప్తే ఏం లాభం అన్నా? అందరికీ చెప్పు” అంది.

పెంటయ్య ఉత్తరపు ఠాణాకు వెళ్లాడు. “మా దగ్గర పటం ఉంది, పో ముసలోడా” అన్నారు.

దక్షిణపు ఠాణాకు వెళ్లాడు. “అయితే పచ్చిక మాదేనని వేలిముద్ర వెయ్యి” అన్నారు. “ఎవరి ఒక్కరిదీ కాదు, ఇద్దరిదీ” అంటే బయటికి నెట్టారు.

మూడోసారికి చెలమ దగ్గరికి వెళ్లి, రెండు గట్టుల కాపరుల నడుమ నిలబడి తను దాచిన మాట చెప్పాడు. ఒకడు అతని మీద ఉమ్మాడు. పెంటయ్య తుడుచుకోలేదు. కాసేపటికి అతని ఊరివాడే, నరసిగాడు, తుపాకి కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. “సిద్ధుల్ని కాల్చింది నేనే” అన్నాడు నేల చూస్తూ. ఆ తర్వాత అవతలి గట్టునుంచి ఒకడు లేచి, తను చంపిన మనిషి పేరు చెప్పాడు.

ఆ రోజు వాళ్లు నీళ్లు వంతులు వేసుకున్నారు. మూడు రోజులు ఉత్తరానికి, మూడు రోజులు దక్షిణానికి, ఏడో రోజు ఊట తేరడానికి. సిపాయిలు మాత్రం కదల్లేదు. గీతా కదల్లేదు.

మూడో వేసవికి పెంటయ్య పోయాడు. నడుమ పచ్చికలోనే పూడ్చారు. ఆ చావును ఏ దేశమూ తన దస్త్రంలో రాసుకోలేదు.

ఇప్పటికీ అక్కడ కొన్ని ఏళ్లలో తుపాకులు మోగుతాయి. ఇప్పటికీ ప్రతి వేసవీ రెండు గట్టుల పెద్దలు పెంటయ్య సమాధి దగ్గర తలలు వంచుకుని, ఆ ఏడు తాము చేసిన తప్పూ, చూసి దాచిన తప్పూ పైకి చెప్తారు. అది అయ్యాకే చెలమ తవ్వుతారు. నాకు చెప్పడానికేమీ లేదన్నవాణ్ణి ఆ ఏడు పలుగు ముట్టనివ్వరు.