సింహద్వారం దగ్గర పలకరింపు

గోదావరికి ఆవలి ఒడ్డున, మన తాతలకు తాతలైన వాళ్ళ కాలంలో, ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండరాయలు పాలించేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. చెరువులు తవ్వించాడు, దొంగల్ని అణిచాడు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

ఆయనకు ఒక గొప్ప ఉండేది. ఎవరేది ఇచ్చినా అంతకు మించింది తిరిగి ఇస్తాడు. బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చినవాడు పట్టుబట్టతో వెళ్ళేవాడు. "ఒకరి దగ్గర ఊరికే పుచ్చుకునే చెయ్యి కాదు ఇది" అని నిండు కొలువులో అరచెయ్యి చాపి చూపించేవాడు.

ఆయనకే ఒక జబ్బు కూడా ఉండేది. ఎవరు పలకరించినా బదులు పలికేవాడు కాదు. దండం పెడితే గడ్డం ఒక్క అంగుళం పైకి లేచేది, అంతే. తిరిగి నమస్కారం పెడితే సమానమైపోతామని చిన్నప్పుడెవరో చెప్పారట. చెప్పినవాడు పోయాడు గాని ఆ మాట మాత్రం పోలేదు.

ఒకనాటి ఉదయం రాయలు గుర్రమెక్కి వాహ్యాళికి బయలుదేరాడు. సింహద్వారం దగ్గర కొత్త జమేదారు కాపలా ఉన్నాడు. పేరు బసంత్ సింగ్. నాందేడు వైపు నుంచి వచ్చి కొలువులో చేరిన సిక్కు. రాజుగారు దగ్గరికి రాగానే బల్లెం గోడకు ఆనించి, రెండు చేతులూ జోడించి, వాళ్ళ అలవాటు ప్రకారం "సత్ శ్రీ అకాల్, మహరాజ్" అన్నాడు.

అంతకు ముందు ఏడాది పొరుగు సీమ మీద యుద్ధం జరిగినప్పుడు ఇదే మాట రాయలు విన్నాడు. అప్పుడు వందమంది సిక్కు సిపాయిలు ఒక్క గొంతుతో అరుస్తూ శత్రువు మీదికి దూకారు. ఆ మాట చెవిలో పడగానే ఆయన ఉలిక్కిపడి కళ్ళెం లాగాడు. గుర్రం ముందు కాళ్ళు ఎత్తింది. రాజుగారి తలపాగా ఊడి పేడలో పడింది. నీళ్ళకు వెళ్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ నవ్వే కొంప ముంచింది. మధ్యాహ్నానికల్లా ఊరంతా దండోరా మోగింది. రాజుగారి ఎదుట ఆ యుద్ధపు కేక పలికినవాడు, ఎంతటివాడైనా సరే, మర్నాటి పొద్దు గూకేలోగా రాజ్యం పొలిమేర దాటాలి. బసంత్ సింగ్‌ని ఠాణాలో కూర్చోబెట్టారు. అతని భార్య నిండు చూలాలు. ఎండలు మండిపోతున్నాయి. పొలిమేర అవతల రెండు రోజుల నడక దాకా నీటిచుక్క లేని రాళ్ళదారి.

ఈ కబురు ఆస్థానంలో కథలు చెప్పే పేరలింగానికి తెలిసింది. పేరలింగం బక్కపలచటి మనిషి, నాలుక మాత్రం పదును. అతను రాజుగారి దగ్గరికి వెళ్ళి, అది కేక కాదనీ, పలకరింపనీ నచ్చజెప్పబోయాడు. రాయలు వినలేదు. తన చెవులు తనకు అబద్ధం చెప్పవన్నాడు. ఒకసారి వేసిన దండోరా వెనక్కి తీసుకుంటే జనం నవ్వుతారన్నాడు. అసలు భయం అదేనని పేరలింగానికి అర్థమైంది.

"సరే ప్రభూ, దండోరా దండోరాయే" అన్నాడు. "ఎంతటివాడైనా సరే అన్నారు కదా, ఆ మాట మీద ఉంటారు గదా?"

"ఉద్దండరాయలు మాట తప్పడు" అన్నాడు రాజు.

పేరలింగం దణ్ణం పెట్టి వచ్చేశాడు.

మర్నాడు రాజుగారి పుట్టినరోజు. కొలువు కిటకిటలాడుతోంది. పేరలింగం లేచి, ముగ్గురు మనుషులు ప్రభువులకు కానుకలు తెచ్చారని, వాటికి మించినవి తిరిగి ఇవ్వడం ఆ ప్రభువుల వల్ల కూడా అవుతుందో లేదోనని తనకు బెంగగా ఉందని అన్నాడు. రాయలు మీసం దువ్వి, అందరి ముందూ మాట ఇచ్చాడు. ఏది పుచ్చుకున్నా బదులివ్వకుండా ఈ సింహాసనం దిగనన్నాడు.

మొదట బుచ్చిసీతమ్మ వచ్చింది. కోటలో మజ్జిగ పోసే ముసలమ్మ. ఆమె సింహాసనం ముందు నిలబడి, రెండు అరచేతులూ గుండెల దగ్గర జోడించి, తల వంచి, "నమస్కారం నాయనా" అంది. అని ఊరుకుంది.

రాజు ఆమె చేతుల్లోకి చూశాడు, వెనక్కి చూశాడు. కానుక ఏదన్నాడు.

"ఇచ్చేసింది ప్రభూ" అన్నాడు పేరలింగం. "మీలో ఉన్న దేవుడికి మొక్కింది. అంతకన్నా పెద్ద కానుక మజ్జిగ అమ్మే మనిషి దగ్గర ఏముంటుంది? దానికి బదులు మణులు చెల్లవు. ఆమెలో ఉన్న దేవుడికి మీరు మొక్కాలి."

రాయల చేతులు మోకాళ్ళ మీద నుంచి లేవనంటున్నాయి. పాపం, అలవాటు లేని పని. కానీ ఇచ్చిన మాట ఒకటి ఉంది. చివరికి రెండు అరచేతులూ దగ్గరికి వచ్చాయి. "నమస్కారం అమ్మా" అన్నాడు. వయసులో పెద్దది గనుక తల కూడా కాస్త వంచాడు. బుచ్చిసీతమ్మ కళ్ళు తుడుచుకుంటూ పక్కకు వెళ్ళి నిలబడింది. ముప్ఫై ఏళ్ళుగా పెడుతున్న దణ్ణానికి ఆమెకు అందిన మొదటి జవాబు అది.

రెండోవాడు మొహియుద్దీన్ సాహెబు. పాత కోటకు ఖిల్లాదారుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఆయన లోపలికి నడిచి వచ్చి, కుడిచెయ్యి గుండె మీద ఆనించి, "అస్సలాము అలైకుం" అన్నాడు.

ఈసారి రాజుగారికి దారి తెలిసింది. ధీమాగా "అస్సలాము అలైకుం" అని ఉన్నదున్నట్టు తిరిగి అప్పజెప్పాడు. సాహెబు చిరునవ్వు నవ్వాడు. తప్పు పట్టలేదు.

పేరలింగం మాత్రం ఊరుకోలేదు. "మీ మీద శాంతి కలగాలని ఆయన అన్నారు ప్రభూ. మీరు దాన్ని పుచ్చుకున్నట్టు చెప్పనే లేదు. 'వ అలైకుం అస్సలాం' అనాలి. మీ మీద కూడా శాంతి కలగాలని. వాళ్ళలో సలాం చెప్పడం చెప్పేవాడి ఇష్టం, తిరిగి చెప్పడం మాత్రం విన్నవాడి విధి. అదీ అంతే మాటతోనో, అంతకన్నా మంచి మాటతోనో చెప్పాలి."

అంతకన్నా మంచి మాట అనేసరికి రాయలు నిటారుగా కూర్చున్నాడు. తన గొప్పంతా దాంట్లోనే ఉంది మరి. ఆ మంచి మాట ఏమిటో చెప్పమని సాహెబునే అడిగాడు. సాహెబు చెప్పాడు. రాజు రెండుసార్లు తడబడి, మూడోసారి గట్టిగా అన్నాడు: "వ అలైకుం అస్సలాం వ రహ్మతుల్లా." మీ మీద శాంతి, దేవుడి కరుణ కూడా ఉండాలని.

సాహెబు ముఖం వికసించింది. అయితే ఆయన ఒక మాట కలిపాడు. అంత పొడుగు మాటకు నాలుక తిరగని మిత్రులు చేతులు జోడించినా, కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తి ఆదాబ్ అన్నా తమకు సంతోషమేనని, మాట మింగేసి మొహం తిప్పుకుంటేనే మనసు చివుక్కుమంటుందని చెప్పాడు. రాయలు నేలచూపులు చూశాడు. ఈ సాహెబు ఎన్నో ఏళ్ళు తనకు సలాం చెప్పాడు. ప్రతిసారీ లేచింది ఒక గడ్డం మాత్రమే.

"మూడో కానుక" అన్నాడు పేరలింగం.

బసంత్ సింగ్ వచ్చాడు. ఇద్దరు భటులు పక్కన ఉన్నారు. గుమ్మం దగ్గర అతని భార్య, చేతిలో చిన్న మూటతో, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. అయినా కానుక తెచ్చినవాణ్ణి ఆపడం ఆ కొలువులో లేదు. ఎలాగూ పొద్దు గూకేలోగా వెళ్ళిపోయేవాడే గదా అనుకున్నాడు.

జమేదారు చేతులు జోడించాడు. అతని గొంతు నిన్నటిలాగే మెత్తగా ఉంది. "సత్ శ్రీ అకాల్, మహరాజ్."

"విన్నారుగా" అన్నాడు పేరలింగం. "కాలానికి లొంగని ఆ దేవుడే సత్యం అంటున్నాడు. యుద్ధంలో అయితే ముందు ఒకడు 'జో బోలే సో నిహాల్' అని కేక వేస్తాడు, మిగతావాళ్ళు ఇదే మాట జవాబుగా అరుస్తారు. ఇక్కడ ముందు కేక వేసినవాడెవడూ లేడు. పైగా చేతులు జోడించి యుద్ధానికి వచ్చేవాణ్ణి నేనింతవరకు చూడలేదు."

రాయలు జమేదారు చేతులకేసి చూశాడు. నిన్న కూడా అవి అలాగే జోడించి ఉన్నాయి. బల్లెం గోడకు ఆనించి ఉంది. తలపాగా కంగారులో తాను చూడలేదు గాని, ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. తప్పు తనదేనని తెలిసింది. కానీ సింహాసనం మీద కూర్చుని అది చెప్పడం ఎలాగో తెలియలేదు. అందుకని కానుక సంగతి ఎత్తుకున్నాడు. దీనికి మించిన మాట ఏమిటని అడిగాడు.

"దీనికి మించింది కలపక్కర్లేదు ప్రభూ. సత్యానికి మించి ఏం కలుపుతాం? చేతులు జోడించి అదే మాట తిరిగి చెప్పడమే వాళ్ళ మర్యాద."

రాజు చేతులు ఈసారి వాటంతటవే కలిశాయి. కొలువంతా వినేలా, హాయిగా, "సత్ శ్రీ అకాల్ జమేదారూ" అన్నాడు.

పేరలింగం వెంటనే గుమ్మం వైపు తిరిగి, బండి కట్టమని కేక వేశాడు.

"బండి ఎందుకు?" అన్నాడు రాజు.

"దండోరా ఉంది కదా ప్రభూ. రాజుగారి ఎదుట ఆ మాట పలికినవాడు ఎంతటివాడైనా సరే, పొద్దు గూకేలోగా పొలిమేర దాటాలి. మీ ఎదుట మీరే పలికారు. జమేదారుగారి ఇల్లాలు చూలాలు, నడవలేదు. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఆమెకు వెనక పడక వెయ్యొచ్చు. ఒక్క బండి చాలు."

మంత్రి పైకప్పులోని చెక్కడాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు దండోరా నిలబెడితే రాజ్యం పోతుంది, నిలబెట్టకపోతే మాట పోతుంది. ఉద్దండరాయలు కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు.

అప్పుడు మొహియుద్దీన్ సాహెబు నెమ్మదిగా అన్నాడు. "ప్రభువులు అనుమతిస్తే ఒక మాట. గుర్రం మీద వచ్చేవాడు నడిచేవాడికి ముందుగా సలాం చెప్పాలంటారు మా పెద్దలు. నిన్న ప్రభువులు గుర్రం మీద ఉన్నారు. వారు చెప్పలేదు గనుక పాపం జమేదారే చెప్పాడు."

రాయలు పెదవులు బిగించాడు. మీసం వణికింది. తరవాత భుజాలు కదిలాయి. ఆపుకోలేక ఒక్కసారి పగలబడి నవ్వాడు. అంతదాకా ఊపిరి బిగబట్టిన కొలువంతా ఆయనతో కలిసి నవ్వింది.

"యుద్ధపు కేక అనే కదా దండోరా వేయించాను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నేను పలికింది కేక కాదు, పలకరింపు. నాది పలకరింపయితే నిన్నటి జమేదారుదీ పలకరింపే. తప్పు నా చెవిది, నా తలపాగాది. జమేదారు కొలువు జమేదారుదే. అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి, ఎంతసేపు నిలబెడతారు?"

గుమ్మం దగ్గర మూట చప్పుడు చేస్తూ కింద పడింది. బసంత్ సింగ్ భార్య కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. మజ్జిగ బుచ్చిసీతమ్మ వెళ్ళి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళింది.

రాయలు తన మెడలోని ముత్యాల హారం తీసి పేరలింగం మెడలో వేశాడు. పేరలింగం చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలడు.

"ఇంకా ఏం కావాలయ్యా?" అన్నాడు రాజు.

"నమస్కారం పెట్టాను ప్రభూ. బదులు రాలేదు."

నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? ఆ రోజు బదులు అందుకోకుండా కొలువులోంచి బయటికి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. రాజుగారి చేతులు నొప్పి పుట్టి ఉంటాయి గాని, ఆ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే రాయలు గుర్రమెక్కి సింహద్వారం దగ్గరికి వచ్చాడు. కళ్ళెం వదిలి, చేతులు జోడించి, జమేదారు నోరు తెరిచేలోపల తానే "సత్ శ్రీ అకాల్" అన్నాడు.

ఈసారి ఉలిక్కిపడింది జమేదారు.