గుమ్మానికి గులాబీలు

సుభద్రాయమ్మ గారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే, ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. "కాసేపు కూర్చో" అంటారు. రాజమండ్రి కాలేజీలో నీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, ఆమాత్రం చెప్పలేక కాదు. కూర్చున్నవాడి సందేహం వాడి నోటినుంచో చేతినుంచో దానంతటదే బయటపడుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడకే జవాబు తెలియదని గిట్టనివాళ్ళు అంటారు. అదీ కొంత నిజమేనని ఆవిడే ఒప్పుకుంటారు.

ఆ ఆదివారం ఉదయం ఆవిడ ముందు కూర్చున్నవాడు ప్రభంజన్. పాత శిష్యుడు, హైదరాబాదులో షేర్ల వ్యాపారం చేసే కంపెనీలో పెద్ద జీతగాడు. మర్నాడు ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజు. సన్మానం తలపెట్టింది అతనే, హాలు మాట్లాడిందీ అతనే, ఖర్చంతా నెత్తిన వేసుకున్నదీ అతనే. ఆహ్వానపత్రిక ఆవిడ చేతిలో పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టి, అసలు సంగతి అడిగాడు.

"మేడమ్, దగ్గరవాడి కష్టానికి లేదని చెప్పి, ఆ డబ్బు ఎక్కడో దూరాన ఉన్నవాడి ప్రాణానికి పంపితే తప్పా?"

"ఎవరికి లేదన్నావు?"

"మార్తకి."

మార్త అతనితో పాటు ఇదే గురువు దగ్గర చదువుకున్న మనిషి. ఇప్పుడు సీతానగరంలో బట్టలు కుడుతుంది. భర్త ఏబేలుకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ ప్రభుత్వ ఖర్చుతోనే జరుగుతుంది, కానీ వారానికి మూడుసార్లు రాజమండ్రి రావాలి. రక్తం శుద్ధి చేయించుకుని లేచిన మనిషికి బీపీ పడిపోతుంది, బస్సులో నిలబడలేడు. ఆటోకే మార్త సంపాదన సగం పోతోంది. ఓ ఏడాదిపాటు ఆటో ఖర్చు చూడమని పోయిన నెల ప్రభంజన్‌ను ఫోన్లో అడిగింది. అతను కుదరదన్నాడు.

"ఏ లెక్కన?" అన్నారు సుభద్రాయమ్మ గారు.

లెక్క అనేసరికి ప్రభంజన్ ముఖం విచ్చుకుంది. అతను లెక్చరర్ కావాలనుకున్నవాడు. తను మానుకుంటే ఆ కుర్చీలో అంత బాగానూ చెప్పే ఇంకొకడు కూర్చుంటాడు, కాలేజీకి పోయేదేమీ లేదు. కంపెనీ ఉద్యోగం తను వదులుకున్నా ఇంకొకడు చేరతాడు, కానీ వాడు జీతంలో నాలుగో వంతు దానం చెయ్యడు. కాబట్టి తను సంపాదించి ఇవ్వడమే లోకానికి ఎక్కువ లాభం. అలా చేరాడు, అన్న మాట ప్రకారం ప్రతి నెలా ఇస్తూనే ఉన్నాడు. ఇచ్చేది ఆఫ్రికాలో మందు పట్టించిన దోమతెరలు పంచే సంస్థకు. ఒక తెర కింద ఇద్దరు పడుకోవచ్చు, రెండు మూడేళ్ళు పనిచేస్తుంది, చేరవేతతో కలిపి అయిదొందలు కూడా కాదు. ప్రతి తెరా ఒక ప్రాణం కాపాడదు. వందల తెరలు కడితే, మలేరియాతో పోవలసిన ఒక పసివాడు మిగులుతాడు. ఏ పసివాడో ఎవరికీ తెలియదు. అంతా కలిపితే ఒక ప్రాణానికి నాలుగైదు లక్షలు.

"ఏబేలు ఆటోకి ఏడాదికి లక్ష పైనే మేడమ్. అందులో నాలుగో వంతు ప్రాణం ఉంది. పైగా మార్తకి ఇక్కడ క్లాసువాళ్ళం నలుగురం ఉన్నాం, ఒకరు కాకపోతే ఒకరు ఆదుకుంటారు. అక్కడ నా డబ్బు ఆగితే ఆ తెరలు ఆగిపోతాయి. దగ్గరుండి ఏడ్చేవాడి కన్నీరు కనబడుతుంది కాబట్టి బరువనిపిస్తుంది గానీ, కనబడనంత మాత్రాన అక్కడి తల్లి ఏడవడం మానదు కదా?"

సుభద్రాయమ్మ గారు తలూపారు. "ఈ చివరి మాట నేను పాఠంలో కూడా ఇంత బాగా చెప్పలేదురా అబ్బాయ్. కాసేపు కూర్చో."

అతను ధీమాగా కూర్చున్నాడు. అంతలో గుమ్మంలో చెప్పులు విడిచి మార్త లోపలికొచ్చింది. రేపు మేడమ్ కట్టుకునే పట్టుచీర మీదకు జాకెట్టు కుట్టి తెచ్చింది. ప్రభంజన్‌కు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీ సంగతే మాట్లాడుతున్నాం" అని ఆవిడ దాచకుండా చెప్పేశారు. "ఇతని లెక్కలో నీకేమైనా తప్పు కనబడిందా?"

మార్త జాకెట్టు ఆవిడ ఒళ్ళో పెట్టి, అతని వైపు తిరిగింది. "లెక్క తప్పని నేనెప్పుడన్నాను? ఆ పిల్లలు మాత్రం బతకొద్దా? లేదంటే లేదనాల్సింది. ఆస్పత్రి వరండాలో నిలబడ్డదానికి ఫోన్లో అరగంట పాఠం చెప్పావు. ఇంకో మాట. నలుగురిలో ఒకరు ఆదుకుంటారన్నావు చూడు, ఆ మిగతా ముగ్గురినీ కూడా అడిగాను. ప్రభంజన్ ఉన్నాడు కదా, వాడిస్తాడులే అనుకున్నార్ట."

ఈ సంగతి అతని లెక్కలో లేదు. ఏదో అనబోయాడు, ఫోను మోగింది. హాలు అలంకరించేవాడు. లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. చెవిలో వాడి మాట గట్టిగానే వినబడుతోంది: ముఖద్వారానికి కడియం తోటల బంతిపూలు సరిపోతాయా, బెంగుళూరు గులాబీలు దించమంటారా, తేడా బాగా ఉంటుంది మరి.

"గులాబీలే వెయ్యండి. డబ్బు చూసుకోకండి, మా మేడమ్‌కి ఆమాత్రం లేకపోతే ఎలా?" అన్నాడు ప్రభంజన్. పెళ్ళివారి మాటలా హాయిగా, దర్జాగా వచ్చేసింది.

ఫోను పెట్టి వెనక్కి తిరిగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ అతన్ని చూడటం లేదు. మార్త జాకెట్టు మళ్ళీ చేతిలోకి తీసుకుని అంచున మిగిలిన దారం పంటితో తెంపుతోంది. మేడమ్ ఆహ్వానపత్రిక మీద తన ఫొటో చూసుకుంటున్నారు.

అప్పుడు అర్థమైంది అతనికి. చెవులదాకా వేడెక్కింది. హాలు మాట్లాడినప్పుడు గానీ, శాలువా ఎంచినప్పుడు గానీ, ఇందాక గులాబీలన్నప్పుడు గానీ ఒక్క తెర గుర్తుకు రాలేదు. మార్త అడిగినప్పుడు మాత్రం తెరలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ ఎదుటివాడు చెయ్యి చాచినప్పుడే తక్కెడ తీశాడు. ఎంత సిగ్గేసిందంటే, తలుపు మూడడుగుల్లో ఉన్నా అటు నడవలేకపోయాడు.

"నాకూ గులాబీలంటే ఇష్టమే" అన్నారు సుభద్రాయమ్మ గారు పత్రిక మీంచి తల ఎత్తకుండా. "హాలెందుకురా అని ఒక్క మాట అనలేదు నేను. డెబ్భై ఏళ్ళొచ్చాయి కదా, చేస్తారులే అనుకున్నాను." ఆ గొంతులోనూ సిగ్గుంది. అది విని ప్రభంజన్ ఇంకా కుంచించుకుపోయాడు.

"మార్తా, నన్ను క్షమించు. ఏడాది ఖర్చూ ఇప్పుడే పంపిస్తాను, తీసుకుంటావా?"

"తీసుకోకేం? నాకు రోషాలకు పోయే తీరిక లేదు. రేపు మళ్ళీ ఏబేలుని తీసుకురావాలి" అంది మార్త. ఫోన్లో డబ్బు వేసే క్యూఆర్ కోడ్ తీసి చూపించింది కూడా.

అతను పంపాడు. డబ్బు చేరినట్టు ఆమె ఫోను చప్పుడు చేసింది. మార్త కళ్ళు తుడుచుకుని, మేడమ్‌కి చెప్పి వెళ్ళిపోయింది. ప్రభంజన్‌కు గుండెల మీంచి బండ దింపినట్టయింది. కుర్చీలో వెనక్కి వాలి, గురువుకు పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు: "ఇబ్బందేమీ లేదు మేడమ్. ఈ రెణ్ణెల్లూ దోమతెరలకు పంపేదాంట్లోంచి సర్దేస్తాను."

సుభద్రాయమ్మ గారు పత్రిక పక్కన పెట్టి, ఆ రోజు మొదటిసారి అతని కళ్ళలోకి చూశారు.

"గులాబీలకు ఎందులోంచి సర్దావు నాయనా?"