పెద్దమ్మకు పంపిన మూడు మెసేజీలు

అనగనగా ఒక ఊళ్ళో, అదే, రైలు ఆగని ఊళ్ళో, సుభద్రమ్మ అని ఒకావిడ కొత్త ఇల్లు కట్టుకుంది. ఇల్లు బాగానే ఉంది. మేడ మెట్లు మాత్రం మేస్త్రీ నిద్రలో కట్టినట్టున్నాయి. సరే, మనకెందుకులే.

సుభద్రమ్మకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. చెల్లెలి కూతురు సింధూరే ఆవిడకు కూతురు. చెల్లెలు పోయాక ఆ పిల్లను రెండేళ్ళు తనే పెంచింది. ఆ తర్వాత వాళ్ళ నాన్న పుణె తీసుకెళ్ళిపోయాడు. సింధూర అక్కడే చదివింది, అక్కడే ఉద్యోగం చేస్తోంది. తెలుగు మాట్లాడుతుంది, తడుముకుంటూ. రాయడం రాదు, చదవడం అసలే రాదు.

గృహప్రవేశం నాడు పొయ్యి మీద పాలు పొంగించాలా? అది ఇంటి ఆడపడుచు చేసే పని. సింధూరే పొంగించాలని సుభద్రమ్మ పట్టు. బొట్టు పెట్టి పిలవాలి కదా, పుణె వెళ్ళడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, అందుకని శుభలేఖతో పాటు కుంకుమ పొట్లం కొరియర్లో పంపింది. పాలు పొంగించిన పిల్లకు పెట్టడానికి చిలకాకుపచ్చ చీర ఒకటి కొని బీరువాలో పెట్టింది. అదీ ఏర్పాటు.

ముహూర్తం తెల్లవారుజామున. సింధూర రాలేదు. పంతులుగారు గడియారం చూశారు. సుభద్రమ్మ వీధి చివరికి చూసింది. పంతులుగారు మళ్ళీ గడియారం చూశారు. చివరికి కోడలి చెల్లెలు పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి. పొంగకపోవడానికి వాటికెవరి మీదా కోపం లేదు కదా.

ఆ పిల్లకు రవిక గుడ్డ పెట్టి పంపింది సుభద్రమ్మ. చీర మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. ఆ తర్వాత వీధంతా వినేట్టు చెప్పింది, శుక్రవారం దాకా చూస్తాను, ఆ తర్వాత ఆ చీర కోడలి చెల్లెలికే ఇచ్చేస్తాను, నాకు కూతురు లేదనుకుంటాను అని. చిట్టీ, చీర అంటే ఒట్టి చీర కాదు. అమ్మ లేని పిల్లకు అదొక్కటే పుట్టిల్లు.

అప్పుడు సింధూర ఏం చేసిందంటే, ఆఫీసులో పైవాళ్ళకు రాసినట్టు ఇంగ్లీషులో ఒక మెసేజి రాసింది. దాన్ని ఫోన్లో పెట్టి తెలుగు చేయించింది. చదవడం రాదు కదా, అది ఏం చేసిపెట్టిందో చూడకుండానే పంపేసింది.

సుభద్రమ్మ కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని పైకే చదివింది. "ప్రియమైన ఆంటీ, ఫంక్షన్‌ను కోల్పోయినందుకు నేను హృదయపూర్వకంగా క్షమాపణలు కోరుతున్నాను. అనివార్యమైన పని కట్టుబాట్ల కారణంగా హాజరు కాలేకపోయాను. ప్రతిదీ బాగా జరిగిందని ఆశిస్తున్నాను. మీరు అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాను."

చదివి ఫోను పక్కన పెట్టింది. "కరెంటాఫీసు వాళ్ళూ ఇలాగే రాస్తారు, కరెంటు తీసేముందు" అంది. అంతే, జవాబివ్వలేదు.

రెండు రోజులు చూసి సింధూరకు భయం పట్టుకుంది. అప్పుడు శేషగిరి బాబాయిని పట్టుకుంది. ఆయన తెలుసుగా, ఊళ్ళో ఎవరి పెళ్ళయినా శుభలేఖ ఆయనే రాస్తాడు, వద్దన్నా రాస్తాడు. ఆ ఇంగ్లీషు మెసేజినే ఆయన తెలుగు చేశాడు. "పూజనీయురాలగు మాతృసమానురాలికి" అని మొదలుపెట్టాడు. "అనివార్య కార్యభారముచే" అన్నాడు. "మీ పాదపద్మములకు సహస్ర వందనములు" అని ముగించాడు. మధ్యలో సింధూర ఎక్కడుందో ఆయనకే తెలియాలి.

సుభద్రమ్మ అది సగం చదివి, పోయిందెవరని కోడలిని అడిగింది. ఎవరూ పోలేదని చెప్పాక మిగతాది చదవలేదు.

అప్పటికి బుధవారమైంది. అప్పుడు శేషగిరి బాబాయి, తన తెలుగును మెచ్చే వాళ్ళు ఊళ్ళో కరువయ్యారని చెప్పి, ఆ పని భ్రమరాంబ టీచరమ్మ నెత్తిన పెట్టాడు.

భ్రమరాంబ టీచరమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. ఆవిడకు పింఛను వస్తుంది, దాంతో పాటు ఊళ్ళో అందరి కాగితాలూ వస్తాయి. బ్యాంకు నోటీసు వస్తే ఆవిడ దగ్గరికే, మందు సీసా మీది రాత చదవాలన్నా ఆవిడ దగ్గరికే. అందరూ ఒకే మాట అంటారు, చిన్న పనేనండీ, రెండు నిమిషాలు అని. ఆ మాట వింటేనే ఆవిడకు తలనొప్పి వస్తుంది. శేషగిరి బాబాయి కూడా అదే మాట అన్నాడు.

టీచరమ్మ ఇంగ్లీషు మెసేజి చదివింది. ఇంకోసారి చదివింది. మూడోసారి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తప్పుల్లేవు. ఇంగ్లీషులో ఆ నాలుగు ముక్కలూ తలుపు మర్యాదగా దగ్గరికి వేసినట్టుంటాయి. తెలుగులో మాత్రం ఒక్కొక్కటీ ఒక ప్రశ్నను లేపి కూర్చోబెడుతుంది. తప్పనిసరి పని అంటే సుభద్రమ్మ, ఏం పనే అంటుంది. అంతా బాగా జరిగిందనుకుంటా అంటే, నువ్వు లేకుండా బాగా జరగడమేమిటే అంటుంది. అర్థం చేసుకుంటావనుకుంటా అంటే, చిన్నపిల్ల నాకు బుద్ధి చెప్తోందా అంటుంది.

వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? ఒకరేమో జ్వరమొచ్చిందని రాసెయ్యమన్నారు. ఇంకొకరు కాలు విరిగిందని రాస్తే గట్టిగా ఉంటుందన్నారు. శేషగిరి బాబాయి రెండూ రాయమన్నాడు. టీచరమ్మకు ఒళ్ళు మండింది. పిల్ల చెప్పని మాట తను కలపదు, చెప్పిన మాట తియ్యదు, జ్వరాలు కావాలంటే ఆసుపత్రికి పొమ్మంది.

ఆ తర్వాత తలుపేసుకుని సింధూరకు ఫోన్ చేసింది. ఏం అడగాలో కాగితం మీద ముందే రాసుకుంది, బళ్ళో అలవాటు.

మొదట, ఆవిడను నువ్వేమని పిలుస్తావని అడిగింది. సింధూర పెద్దమ్మ అనే పిలుస్తానంది, నువ్వు అనే అంటానంది. మరి ఆంటీ ఎక్కడినుంచి వచ్చిందంటే, ఇంగ్లీషులో అంతేగా అంది. ఫోనుకు నువ్వు ఎవరో, ఆవిడ ఎవరో తెలియదు కాబట్టి మీరు అని పెట్టిందనీ, రెండేళ్ళు చంకనెత్తుకున్నావిడకు అది తలుపు గొళ్ళెం వేసినట్టు వినపడిందనీ టీచరమ్మ చెప్పింది.

ఆ తర్వాత అసలు సంగతి అడిగింది. "పని నిజంగా తప్పనిసరా, అమ్మాయ్?"

"సెలవు ఉంది టీచర్" అంది సింధూర. "రాత్రంతా బస్సు. రెండొందల మంది వస్తారు కదా, అంతమందిలో నేను లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. మధ్యాహ్నం భోజనాలే కదా అనుకున్నా."

"పాలు ఎవరు పొంగించాలో తెలుసా?"

"ఏం పాలు?"

టీచరమ్మ నుదురు కొట్టుకుంది. ఆ పిల్లకు తెలియదు. శుభలేఖలో ముహూర్తం ఉంది గానీ, పాలు నీ కోసం ఆపుతానని ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తారు, కూతురికి అది వేరే చెప్పాలా అనుకుంది సుభద్రమ్మ. కుంకుమ పొట్లం ఏమైందంటే, బల్ల సొరుగులో ఉందట, శాంపిలేమో అనుకుందట. టీచరమ్మ కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టింది.

ఆ తర్వాత అన్నీ చెప్పింది. పాలు, చీర, పంతులుగారి గడియారం, శుక్రవారం. సింధూర ఏడ్చింది. టీచరమ్మ ఏడుపు అయ్యేదాకా ఊరుకుని, ఇప్పుడు నాకు చెప్పిందే మళ్ళీ ఇంగ్లీషులో రాసి పంపు, అందంగా రాయొద్దు అంది.

రెండో ఇంగ్లీషు మెసేజి పొట్టిగా వచ్చింది, అక్కడక్కడా తప్పులతో వచ్చింది. టీచరమ్మకు నచ్చింది. పెద్దమ్మా అనే పిలుపు ముందు పెట్టింది. మన ఇళ్ళల్లో క్షమాపణలు కోరం కాబట్టి, తప్పు నాదే అని రాసింది. మెత్తగా చేద్దామనిపించిన చోట చెయ్యి వెనక్కి తీసుకుంది. చివరి మర్యాద ముక్క తీసేయనా అని సింధూరను అడిగే తీసేసింది. ఆ తర్వాత ఫోన్లో ఒక్కో ముక్కా తెలుగులో చదివి, దాని అర్థం తిరిగి ఇంగ్లీషులో చెప్పి, ఇది నీ మాటేనా అని అడిగింది. సింధూర ప్రతిదానికీ అవునంది. ఒకచోట మాత్రం ఆగి, ఇంకో ముక్క కలపమంది. అది అమ్మ గురించి.

గురువారం పొద్దున సుభద్రమ్మ ఫోను మోగింది.

"పెద్దమ్మా, తప్పు నాదే. పని ఉండి కాదు, సెలవు ఉండి కూడా రాలేదు. అంతమందిలో నేను లేకపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. పాలు నా కోసం ఆపావని టీచరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. అమ్మ ఉంటే నన్ను లాక్కొచ్చేది. తిట్టు, వింటాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు. శుక్రవారం పొద్దునకి వస్తాను. నీ సింధూర."

ఈసారి సుభద్రమ్మ పైకి చదవలేదు. వీధిలో వాళ్ళు చాలా నిరాశపడ్డారు, నేనైతే చెప్పనే అక్కర్లేదు. చదివి, చెప్పులేసుకుని, మోకాళ్ళ నొప్పితోనే టీచరమ్మ ఇంటికెళ్ళింది.

"ఇది నువ్వు రాశావా, అది రాసిందా?"

"తెలుగు నాది. తప్పు దానిది" అంది టీచరమ్మ.

సుభద్రమ్మ కుర్చీలో కూలబడింది. జవాబు ఇంగ్లీషులో రాసిపెట్టమంది, చిన్నదే, రెండు నిమిషాల పనంది. చీర మడత విప్పలేదని రాయమంది.

టీచరమ్మ కలం పట్టుకుంది. చీర మాట ఇంగ్లీషులో పెట్టొచ్చు. మడత మాట కూడా పెట్టొచ్చు. కానీ ఆ రెండింటికీ మధ్య ఉన్నది చెప్పడానికి నాలుగు పేజీలు కావాలి. ఆవిడకు విసుగొచ్చింది. కలం పడేసి, ఫోన్లో మాట రికార్డయ్యే బొత్తాం నొక్కి, సుభద్రమ్మ నోటి దగ్గర పెట్టింది.

"నువ్వే చెప్పుకో" అంది. "చదవడం రాదు గానీ, దానికి చెవులున్నాయి."

సుభద్రమ్మ ఫోన్‌కేసి అనుమానంగా చూసింది. ఆ తర్వాత అంది, "చీర మడత విప్పలేదే. వచ్చేప్పుడు ఆ కుంకుమ పొట్లం తెచ్చుకో."

శుక్రవారం పొద్దున్నే సింధూర బస్సు దిగింది. ముహూర్తమూ లేదు, పంతులుగారూ లేరు. సుభద్రమ్మ ఆ పొట్లం విప్పి బొట్టు పెట్టింది, అప్పుడు పొయ్యి దగ్గరికి పంపింది. పాలు పొంగితే చాలని సింధూరకు తెలియదు, మంట తగ్గించాలనీ తెలియదు. గిన్నెలో సగం పొయ్యి మీదే పోయాయి. చిలకాకుపచ్చ చీర కట్టుకుని ఆ పిల్ల గంటసేపు పొయ్యి తోమింది. సుభద్రమ్మ పక్కనే కూర్చుని, ఆ గంటా తిట్టింది.

వీధి చివర టీచరమ్మ ఇంటి ముందు అప్పటికే శేషగిరి బాబాయి నిలబడి ఉన్నాడు, చేతిలో ఒక కాగితంతో. చిన్న పనేనట.

పాలు పొంగెను పొయ్యి మీదికి,
పిల్ల చేరెను పుట్టింటికి,
కథ బస్సెక్కె కంచికి,
కళ్ళు మూసుకో, నువ్వు నిద్రకి.