చిలుకలో లేని ఉత్పలిని

చెబుతాను వినండర్రా. మణిద్వీపాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మకరకేతుడు. పెళ్ళై ఏడాది తిరక్కుండానే అతని భార్య ఉత్పలిని పాముకాటుకు చచ్చిపోయింది. పెద్దన్న వద్దన్నాడు, నడిపన్న వద్దన్నాడు. "చచ్చినవాళ్ళు ఎక్కడో పుడతారుగా, వెతికి తెచ్చుకుంటాను" అని మకరకేతుడు బయలుదేరాడు. ఒక ముసలి తాబేలు జాలిపడి వీపు మీద ఎక్కించుకుంది.

మూడు సముద్రాలు దాటాక ఒక దీవిలో వేదాంతి కనిపించి, అతని గోడు విన్నాడు.

"ఒళ్ళు కాలింది నాయనా, జీవుడు కాలలేదు. గడ్డిపురుగు ఇంకో పరకను పట్టుకున్నాకే మొదటిదాన్ని వదిలినట్టు, మనసునీ పాత అలవాట్లనీ మూటగట్టుకుని, కర్మను బట్టి ఇంకో ఒంట్లోకి పోయాడు. వాటి వెనకున్న ఆత్మ మాత్రం ఎక్కడికీ పోలేదు. కుండ పగిలితే లోపలి ఆకాశం ఎక్కడికి పోతుంది? నీలోనూ ఆమెలోనూ ఉన్నది అదొక్కటే. అది తెలిస్తే ఎడబాటే లేదు."

"నాకు ఆమె నవ్వు కావాలి స్వామీ."

"నవ్వు ఒంటికి చెందినది. కాలిపోయింది."

ఇంకో మూడు సముద్రాలు దాటాక ఒక దీవిలో బౌద్ధ భిక్షుణి కనిపించింది. ఆమె ఒక దీపంతో ఇంకోటి వెలిగించింది.

"మంట ఇటునుంచి అటు నడిచిందా బాబూ?"

"లేదు."

"ఇది లేకుండా అది వెలిగేదా?"

"లేదు."

"అంతే. ఇవతల నుంచి అవతలికి పోయే ఆత్మంటూ ఏదీ లేదు. ఆమె చివరి తలపు ఆగింది. దాన్ని ఆధారం చేసుకుని, ఆమె తృష్ణా కర్మా తోయగా, ఎక్కడో ఒక బిడ్డలో కొత్త తలపు పుట్టింది. ఆ బిడ్డ ఆమె కాదు, ఆమెకు వేరూ కాదు."

"మరి ఆమె పుణ్యం ఎవరిది?"

"టెంక నాటితే కాసిన మామిడిపండు ఆ టెంక కాదు. అలాగని వేరే చెట్టుదీ కాదు. ఆ వరసలోనే పండుతుంది."

ఏడో సముద్రం ఒడ్డున "ఉత్పలీ, నేనొచ్చాను" అని ఏడుస్తూ దిగాడు మకరకేతుడు. అక్కడ కరాళుడనే మాంత్రికుడు చిలుక పంజరం పట్టుకుని నిలబడ్డాడు.

"నీ పెళ్ళాం ఆత్మ ఇందులో ఉంది. నీ వయసంతా నాకు ధారపొయ్యి, ఇచ్చేస్తాను."

"నేనొచ్చాను" అంది చిలుక.

మకరకేతుడు పంజరం దగ్గరికి పరుగెత్తాడు. ఇస్తానని నోటిదాకా వచ్చింది. కాని వేదాంతి చెప్పినట్టు ఆత్మ అంతటా నిండినదైతే పంజరంలో పట్టదు. భిక్షుణి చెప్పినట్టు ఆత్మే లేకపోతే పట్టి ఉంచడానికేమీ లేదు. ఎందులోనూ కలవని ఆ ఇద్దరూ ఇక్కడ మాత్రం కలిశారు. ఒక్కరైనా తప్పు చెప్పి ఉంటే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది. పైగా చిలుక పలికింది తాను ఇందాక ఏడుస్తూ అన్న మాటే.

పంజరం తలుపు తీశాడు.

"తెరవకు, నా ప్రాణమూ అందులోనే దాచాను" అన్నాడు కరాళుడు.

"ఎవరి ప్రాణమూ ఇందులో లేదు."

చిలుక ఎగిరిపోయింది. కరాళుడు చావలేదు. అందరిలాగే తానూ ఏదో ఒకనాడు పోతాడని అప్పుడు తెలిసి, ఇసుకలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళు దీనికి కాపలా కాశానే" అన్నాడు. మకరకేతుడూ పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

తాబేలు అతణ్ణి ఇంటికి చేర్చింది. పెద్దలు సామంతరాజు కూతురు హేమవల్లితో పెళ్ళి చేశారు. అన్నలు తలో రాజ్యం ఏలడానికి పోగా అతనే పట్టమెక్కి చాలాకాలం ఏలాడు. పంటలు పండాయి, జనం చల్లగా ఉన్నారు. కాని ఏ ఇంట్లో పసిబిడ్డ ఏడ్చినా వాకిట్లో గుర్రం ఆపేవాడు.

"లోపలికెళ్ళి చూడరాదా?" అని ఒకసారి వెంట ఉన్న హేమవల్లి అడిగింది.

"ఎవరని చూడను?" అన్నాడు. బిడ్డ ఊరుకునేదాకా అక్కడే ఉండి, గుర్రాన్ని ముందుకు నడిపాడు.